మొదటి సెల్లర్ అకౌంట్ తెరిచే ముందు: ఒక్క నారాయణపేట చీరతో ఎస్‌కేయూ నుంచి పేఅవుట్ దాకా

ఆన్‌లైన్‌లో అమ్ముదామని అకౌంట్ తెరవగానే ఎస్‌కేయూ, వేరియంట్, లిస్టింగ్, ఫుల్‌ఫిల్‌మెంట్, పేఅవుట్ అంటూ వరసగా గళ్లు కనిపిస్తాయి, చాలామంది ఏదో ఒకటి నింపేసి ముందుకెళ్లిపోతారు. ఆ గళ్లలో రాసింది తర్వాత డబ్బులు వచ్చేటప్పుడు లెక్కలో తేలుతుంది కాబట్టి, నారాయణపేట కాటన్ చీర ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

1. ముందు కాగితం మీద ఎస్‌కేయూ రాయండి

ఎస్‌కేయూ అంటే మీ సరుక్కి మీరే పెట్టుకునే కోడ్. అమ్మే సైటు ఇవ్వదు, కొనేవాళ్లకు దాంతో పని లేదు. టెంపుల్ బార్డర్ ఉన్న ఎర్ర కాటన్ చీరకు ఇలా పెట్టొచ్చు:

```
NPT-COT-TMP-RED
```

ఊరు, నూలు, అంచు, రంగు. అదే చీర పచ్చరంగులో ఉంటే చివర `GRN`, అంతే. "చీర1, చీర2" అని పెడితే మూడు నెలలకు ఏది ఏదో మీకే గుర్తుండదు. పేఅవుట్ షీట్‌లో ఫొటో ఉండదు, కోడే ఉంటుంది. కొన్న ధర మాత్రం కోడ్‌లో ఇరికించకండి, చాలా చోట్ల పార్సిల్ లేబుల్ మీద ఎస్‌కేయూ కూడా ప్రింట్ అవుతుంది.

2. ఏది వేరియంట్, ఏది వేరే లిస్టింగ్?

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. లిస్టింగ్ అంటే కొనేవాళ్లకు కనిపించే పేజీ: పేరు, ఫొటోలు, ధర, వివరాలు. అదే పేజీలో రంగు మార్చుకునే వీలుంటే ఆ ఒక్కో రంగూ ఒక్కో వేరియంట్, దేని ఎస్‌కేయూ దానికే, దేని స్టాక్ దానికే.

రంగు తప్ప మిగతాదంతా ఒకటే అయితేనే వేరియంట్ చేయండి. గళ్ల చీరను, టెంపుల్ బార్డర్ చీరను ఒకే పేజీలో కలిపితే రేటింగులు కలిసిపోతాయి, ఫొటోలో ఒకటి చూసి ఇంకోటి అందుకున్నవాళ్లు వాపస్ పంపుతారు. చీర వేరు, పేజీ వేరు.

మగ్గం మీద అదే డిజైన్ మళ్లీ వస్తుందో లేదో నేతన్నను అడగకుండా స్టాక్ పది అని పెట్టొద్దు. చేతిలో ఒక్కటుంటే ఒకటే పెట్టండి. అదే చీర రెండు సైట్లలో ఉంటే ఒకచోట అమ్ముడుపోగానే రెండోచోట సున్నా చేయాలి, లేకపోతే ఆర్డర్ మీరే క్యాన్సిల్ చేయాల్సి వస్తుంది, అది మీ అకౌంట్ రేటింగ్‌ను దెబ్బతీస్తుంది.

3. ఫుల్‌ఫిల్‌మెంట్

ఆర్డర్ వచ్చాక ప్యాక్ చేసి చేర్చే పని అంతా ఇదే. సరుకు ఇంట్లో ఉంచుకుని కొరియర్‌కు ఇవ్వొచ్చు, లేదా ముందే ఆ సైటు వాళ్ల గోదాముకు పంపొచ్చు. గోదామైతే నిల్వ చార్జీలుంటాయి, ఆ చిరునామాను జీఎస్టీలో అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. మొదట్లో ఇంటి నుంచి పంపడమే మేలని నా అభిప్రాయం. అయితే మీ పిన్‌కోడ్‌కు పికప్ ఉందో లేదో అకౌంట్ తెరిచే ముందే చూసుకోండి. కొరియర్ అబ్బాయి పార్సిల్‌ను మీ ముందే స్కాన్ చేశాడా అన్నది కూడా చూడాలి, స్కాన్ పడకపోతే మీరు టైముకి ఇచ్చినా ఆలస్యం కిందే లెక్క.

4. పేఅవుట్ లెక్క

పేఅవుట్ అంటే కోతలన్నీ పోయి బ్యాంకులో పడేది. ఆర్డర్ రాగానే పడదు, డెలివరీ అయ్యాక కొన్ని రోజులకు పడుతుంది. చార్జీలు సైటుకో తీరు ఉంటాయి, ఇక్కడివి ఉదాహరణకే. 5 శాతం జీఎస్టీతో కలిపి చీర 1,050 రూపాయలకు అమ్మారనుకోండి:

- కమిషన్ 100, షిప్పింగ్ 80, ఫిక్స్‌డ్ ఫీజు 20: మొత్తం 200
- ఆ చార్జీల మీద 18 శాతం జీఎస్టీ: 36
- జీఎస్టీ తీసేసిన వెయ్యి మీద 0.5 శాతం టీసీఎస్, అంటే మీ జీఎస్టీ ఖాతాలో సైటు ముందే పట్టుకునేది: 5
- అదే వెయ్యి మీద 0.1 శాతం టీడీఎస్, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ముందే పట్టుకునేది: 1

బ్యాంకులో పడేది 808. కానీ అదంతా మీది కాదు, కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న 50 రూపాయల జీఎస్టీ ఇంకా కట్టాలి. చార్జీల మీద పోయిన 36, టీసీఎస్ 5 జీఎస్టీ రిటర్నులో క్రెడిట్‌గా వస్తాయి, టీడీఎస్ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కలుస్తుంది. అన్నీ సర్దితే చేతికి నికరంగా 800. చీర 650, ప్యాకింగ్ 20 అయితే మిగిలేది 130.

ఇప్పుడు ఒక చీర వాపస్ వచ్చి, రిటర్న్ చార్జీ 100, దాని మీద 18 రూపాయల జీఎస్టీ పడిందనుకోండి. ఆ 18 క్రెడిట్‌గా వచ్చినా వంద పోయినట్టే, ప్యాకింగ్ ఇరవై కూడా పోయింది. అంటే ఒక్క వాపస్‌తో ఇంకో చీర మీద వచ్చిన లాభం దాదాపు అంతా ఊడ్చుకుపోతుంది.

అందుకే పేఅవుట్ షీట్‌ను ఎస్‌కేయూ వారీగా సార్ట్ చేసి, ఒక్కో కోడ్ కింద అమ్మినవి, వాపస్ వచ్చినవి పక్కపక్కన రాసుకోండి. `NPT-COT-TMP-RED` ఒక్కటే పదేపదే వాపస్ వస్తుంటే ఆ లిస్టింగ్ తెరిచి, ఫొటోలోని ఎరుపును పగటి వెలుతురులో చీర పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఫొటో మార్చేదాకా ఆ రంగు స్టాక్ సున్నా చేసి పెట్టండి, మిగతా రంగులు అమ్ముడవుతూనే ఉంటాయి.