మోకాలి కింద బుడిపె, 3వ పాఠం: నొప్పికి మార్కులు వేయడం

పోయిన పాఠంలో బుడిపె ఎక్కడుందో వేలితో పట్టుకున్నాం కదా, మోకాలి చిప్పకి కాస్త కింద, కాలి ఎముక ముందువైపు. తొడ కండరం లాగే బలమంతా చిప్ప మీదుగా దిగి ఆ ఒక్క చోటే పట్టుకుని ఉంటుంది, ఎదిగే పిల్లల్లో అక్కడింకా ఎముక పూర్తిగా గట్టిపడదు, అందుకే గెంతినప్పుడల్లా అక్కడ పీకుతుంది. డాక్టర్లు దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు, 1903లో ఒకాయన బోస్టన్‌లో, ఇంకొకాయన జ్యూరిచ్‌లో విడివిడిగా రాశారు కాబట్టి ఆ జంట పేరు.

ఈరోజు మా అక్క కొడుకు సంగతి. 13 ఏళ్లు, వారానికి ఆరు రోజులు బ్యాడ్మింటన్, ఆ ఏడాది ప్యాంట్లన్నీ పొట్టయిపోయాయి. అక్కేమో ఆట మొత్తం మాన్పించేయమంది, కోచ్ ఏమో చిన్న నొప్పే ఆడించండి అన్నాడు. నాకు రెండూ నచ్చలేదు.

వాడి చేత క్యాలెండర్ మీద సున్నా నుంచి పది దాకా మార్కులు రాయించాను. ఆడేటప్పుడు ఒకటి, మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు ఒకటి. ఆటలో మూడు దాటకుండా ఉండి, పొద్దున్నకి మామూలు స్థాయికి వచ్చేస్తే ఆ లోడ్ కాలు తట్టుకున్నట్టే. సోమవారం ఆటలో 3, పొద్దున 1, ఓకే. మంగళవారం జంప్ స్మాష్‌లు కొట్టాడు, 6, బుధవారం మెట్లు దిగుతుంటే 5, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు దిగాడు పాపం. తప్పు ఆటది కాదు, గెంతుళ్లది.

అందుకని నాలుగు వారాలు వారానికి మూడు రోజులే, గెంతుళ్లు లేవు, కోర్టు ముందుకి లోతుగా వంగడం లేదు, నిలబడి కొట్టే షాట్లు మాత్రమే. రోజూ తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, దాన్ని నొక్కుతూ తొడ బిగించి 30 సెకన్లు, పదిసార్లు. ఐదో వారం నుంచి గోడ కుర్చీ, అదీ నొప్పి మూడు దాటని లోతు వరకే. గెంతుళ్లు మూడో నెలలో, మొదట రోజు విడిచి రోజు.

బుడిపె కరగాలని నూనె రాసి గట్టిగా రుద్దకండి, మంట పెరుగుతుంది తప్ప ఎముక కరగదు. ఆడాక నొప్పిగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐస్ పది నిమిషాలు చాలు.

రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, మోకాలంతా వాపు, లేదా తుంటి నొప్పితో కుంటడం ఉంటే ఈ మార్కులు పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. గెంతగానే టప్ మని శబ్దం వచ్చి కాలు చాపలేకపోతే అదే రోజు ఎక్స్‌రే.

వాడికి పూర్తిగా తగ్గడానికి ఏడాది పైనే పట్టింది, మధ్యలో రెండుసార్లు తిరగబెట్టింది, ఎత్తు పెరిగినప్పుడల్లా అన్నమాట. కొందరికి ఎదుగుదల ఆగేదాకా రెండేళ్లు కూడా పడుతుంది. ఇప్పుడు నొప్పి లేదు, బుడిపె మాత్రం ఉంది, మోకాళ్ల మీద కూర్చోవాల్సొస్తే దిండు వేసుకుంటాడు.

వచ్చే పాఠానికి వారం రోజుల మార్కులు రాసి ఉంచండి, గెంతుళ్లు వాటిని చూసే పెంచుతాం.