పాత చీర, చింతగింజలు, స్కూటర్ ట్యూబు: చిన్న పిల్లలకు బంతి పట్టడం నేర్పే ఆట వస్తువులు ఎలా చేయాలి?

బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక చిన్న బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. పిల్లల్లో సగానికి పైగా అనంతపురం, కర్నూలు, చిత్తూరు జిల్లాల నుంచి పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాల వాళ్ళు. తరగతిలో 36 మంది ఉంటే, ఆటల పీరియడ్‌కు ఉన్నది ఒకే ఒక్క రబ్బరు బంతి. ఒకరోజు గోడవారగా నిలబడి లెక్క చూశాను. బంతి ఒకరి నుంచి ఒకరికి చేరడానికి, జారిపోతే పరుగెత్తి తేవడానికి కలిపి సుమారు 10 సెకన్లు పడుతోంది. అంటే 40 నిమిషాల్లో 240 సార్లు. తలా ఆరేడు సార్లు మాత్రమే బంతి చేతికి వస్తుంది. అదే ఇద్దరికి ఒకటి చొప్పున ఉంటే, సర్దుకోవడానికి సగం సమయం పోయినా మిగిలిన 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి 60 సార్లు పట్టే అవకాశం ఉంటుంది.

సంఖ్య ఒక్కటే కాదు, బంతి గట్టిదనం కూడా అడ్డమే. మా తరగతిలో ఒక పాప బంతి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పేసి, రెండు చేతులూ బిగబట్టి ముందుకు చాచేది. బంతి వేళ్ళకు తగిలి పడిపోయేది. అందరూ చేతకాలేదనుకున్నారు. నిజానికి ఆ పాపకు భయం. ఆరేడేళ్ళ వయసులో ఇది చాలా మందిలో కనిపిస్తుంది. కళ్ళు మూసుకున్నాక ఎన్నిసార్లు విసిరినా ఆ చేతులకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

కాబట్టి చేసుకోవలసినవి మూడు: గాలిలో నెమ్మదిగా దిగేది ఒకటి, చేతిలో పడగానే ఒదిగిపోయేది ఒకటి, తగిలినా నొప్పి పుట్టనిది ఒకటి. ఈ వరుసలోనే చేయండి, ఈ వరుసలోనే పిల్లల చేతికివ్వండి.

మొదట చీర ముక్కలు

ఇందులో పని తక్కువ. పాత జార్జెట్ చీర గాని షిఫాన్ చీర గాని తీసుకోండి. నూలు చీర పనికిరాదు. బరువుగా ఉండి తొందరగా కింద పడుతుంది. 45 సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరిస్తే ఒక చీరలో 24 ముక్కలు వస్తాయి, రెండు చీరలు తరగతికంతటికీ సరిపోతాయి. అంచుల నుంచి పోగులు లేస్తుంటే కొవ్వొత్తి మంటకు కాస్త దూరంగా అంచును తిప్పండి. పాలియెస్టర్ అయితే కరిగి అతుక్కుంటుంది. ఇది పెద్దవాళ్ళు, పిల్లలు లేనప్పుడు చేసే పని.

ముక్కను మధ్యలో పట్టుకుని తలపైకి ఎగరేయమనండి. అది తేలుతూ దిగుతుంటే కళ్ళు దాన్ని వదలవు. పడేలోపు ఒకసారి చప్పట్లు కొట్టి పట్టాలి, తర్వాత రెండుసార్లు కొట్టి, తర్వాత రెండో చేత్తో. కళ్ళు తెరిచి వస్తువు వెంట చూడడం ఇక్కడే అలవాటవుతుంది.

చింతగింజల సంచి

మూడింటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీనిమీదే. ఇది ఎగిరి గంతులేయదు, దొర్లదు, పడినచోటే ఉంటుంది. మా బడి ముందున్నది రెండు ఆటోలు నిలిపేంత జాగా, గేటు దాటితే రోడ్డు. దొర్లని వస్తువు ఉంటే పిల్లలెవరూ గేటు వైపు పరుగెత్తరు.

గింజలతో మొదలుపెట్టండి. ఒక్కో సంచికి సుమారు 110 గ్రాములు, 20 సంచులకు రెండుంపావు కిలోలు కావాలి. వేసవి మొదట్లో కొత్త చింతపండు వచ్చినప్పుడు ఇళ్ళలో తీసిన గింజలను దాచి ఉంచమని తల్లులకు ముందే చెబితే చాలు. మెస్సుల్లోనూ దొరుకుతాయి. గుజ్జు పోయేదాకా కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, ఇనుప మూకుడులో సన్నని సెగ మీద పది నిమిషాలు వేడి చేయండి. లోపల పురుగు ఉంటే చస్తుంది, తడీ పోతుంది. కమ్మని వాసన వచ్చేదాకా వేయించకండి. వేయించిన చింతగింజ రుచి మన పిల్లలకు తెలుసు, కుట్లు విప్పేస్తారు. బియ్యం, కందిపప్పు వంటివి వద్దు, ఎలుకలు వస్తాయి. ఇసుక కుట్ల సందుల్లోంచి రాలి కళ్ళలో పడుతుంది.

పై సంచికి పాత జీన్స్ ప్యాంటు కాలు మంచిది. 14 సెంటీమీటర్ల పొడవున అడ్డంగా కత్తిరిస్తే రెండు పొరలు ఒకేసారి వస్తాయి. వాటిని 14 సెంటీమీటర్ల చదరాలుగా సరిచేసుకోండి. ఒక ప్యాంటులో ఎనిమిది నుంచి పది సంచులు అవుతాయి. లోపల ఇంకో పాత నూలు గుడ్డ సంచి, అంతే కొలత కంటే ఒక్క సెంటీమీటరు చిన్నదిగా, తప్పనిసరి. మొదటిసారి నేను లోపలి సంచికి బదులు కడిగిన పాల ప్యాకెట్లు వాడాను. గింజల్లో మిగిలిన కొద్దిపాటి తడి బయటికి పోయే దారి లేక, వానాకాలం వచ్చేసరికి బూజు పట్టి వాసన కొట్టాయి. ఆరింటిని పారేయవలసి వచ్చింది. గుడ్డకు గాలి ఆడుతుంది.

ఇక కుట్టడం ఇలా:

1. జీన్స్ ముక్కల మంచి వైపులు లోపలికి ఉండేలా పెట్టి, అంచుకు సెంటీమీటరు లోపలగా మిషను మీద చుట్టూ కుట్టండి. ఒక పక్క 5 సెంటీమీటర్లు వదలండి.
2. ఆ కుట్టుకు బయటివైపు, రెండు మిల్లీమీటర్ల దూరంలో మళ్ళీ ఒక వరుస కుట్టండి. సంచి ఎప్పుడూ మూలల దగ్గరే తెగుతుంది కాబట్టి మూలల్లో సూదిని ముందుకు, వెనక్కి రెండుసార్లు నడపండి.
3. తిరగేసి, ఖాళీగా ఉన్న లోపలి సంచిని దూర్చి, దాని మూతి బయటికి ఉంచి గింజలు పోయండి. లోపలి మూతి కుట్టేసి, తర్వాత పై మూతిని లావుపాటి సూదితో, రెండు పేటల దారంతో మూయండి.

గింజలు ఎంత పోయాలన్నది చూపుతో తేల్చకండి. సంచిని మీ అరచేయి వెనకవైపు పెట్టండి. రెండు పక్కలకూ జారి వాలితే సరిపోయింది. ఇటుకలా నిలబడితే ఎక్కువయ్యాయి, పిల్లల చేతికి తగిలి ఎగిరిపోతుంది. మరీ కిందికి వేలాడితే తక్కువయ్యాయి, గాలిలో మడతపడి వంకరగా పోతుంది. తర్వాత ఒక మూల పట్టుకుని పదిసార్లు గట్టిగా విదిలించండి. ఒక్క గింజ రాలినా మళ్ళీ కుట్టండి, ఎందుకంటే ఒకటో తరగతి పిల్లలు దాన్ని నోట్లో, ముక్కులో పెట్టుకోగలరు.

మొదట ఎవరికి వారు కంటి ఎత్తుకు ఎగరేసి పట్టాలి. ఆ తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా, రెండడుగుల దూరంలో నిలబడి, చేతిని కింది నుంచి ఊపి విసరాలి. పదిలో ఏడు పట్టినప్పుడు ఇద్దరూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తారు. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టకండి. ఏ జత దూరం ఆ జతదే. "మేడం, మేము నాలుగో అడుగు!" అని అరిచే జత పక్కనే రెండో అడుగులో ఉన్న జత కూడా తన లెక్క తాను చూసుకుంటుంది.

పేపరు బంతి

దినపత్రిక పూర్తిగా విప్పిన తావు ఒకటి సుమారు 17 గ్రాములు ఉంటుంది. ఐదు తావులు కలిపితే 85 గ్రాములు, పిల్లల చేతికి సరైన బరువు. 16 పేజీల పత్రికలో అలాంటి తావులు నాలుగుంటాయి గనుక 18 బంతులకు 23 పత్రికలు కావాలి. మొదటి తావును గట్టిగా ఉండ చేసి, మిగిలినవాటిని ఒక్కొక్కటిగా దాని చుట్టూ నలుపుతూ చుట్టండి. ప్రతి తావుకూ ఉండను తిప్పకపోతే ఒక పక్క లావెక్కుతుంది. అంతా అయ్యాక 11, 12 సెంటీమీటర్ల అడ్డుకొలత రావాలి. పాత బనియను ముక్కలో మూటలా బిగించి, మిగిలిన కొస కత్తిరించండి.

పైన రబ్బరు పట్టీలు వేయాలి. పంక్చర్ షాపులో పారేసే ట్యూబులు అడిగితే ఇస్తారు. స్కూటర్ ట్యూబు అడగండి. సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టు చిన్నగా ఉండి, బంతిని నొక్కేసి సొరకాయలా చేస్తాయి. ట్యూబును కడిగి, లోపలి పొడి తుడిచి, వాల్వు ఉన్న చోటు తీసేసి, సెంటీమీటరు వెడల్పున చక్రాల్లా అడ్డంగా కత్తిరించండి. ఒక్కో బంతికి తొమ్మిది పట్టీలు చాలు, 18 బంతులకు రెండు ట్యూబులు. మొదటి మూడు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా వేసి, గుడ్డ ఎక్కడ ఎక్కువ కనిపిస్తుందో అక్కడ మిగిలినవి వేయండి. మధ్య మధ్యలో గుడ్డ కనబడినా ఫరవాలేదు. పట్టీలు వేళ్ళకు పట్టు ఇస్తాయి.

భుజం ఎత్తు నుంచి సిమెంటు నేల మీద వదలండి. కాస్త లేచి ఆగిపోవాలి. బంతి చదునుగా మిగిలితే పేపరు వదులుగా చుట్టారు. మీ చెంప మీద మీరే మెల్లగా కొట్టుకుని చూడండి, మొహం తిప్పాలనిపిస్తే ఇంకో పొర బనియను గుడ్డ చుట్టి పట్టీలు మళ్ళీ వేయండి. నీరు మాత్రం దీనికి పడదు. చినుకు మొదలైతే మొదట లోపలికి తేవలసింది బంతులనే. ఒకసారి లోపల తడిస్తే ఎండబెట్టినా ముద్దగానే ఉంటుంది. పట్టీలు తీసుకుని పేపరు మార్చేయండి.

సంచి దాకా వచ్చిన పిల్లలను బంతికి మార్చిన రోజు మళ్ళీ రెండడుగుల నుంచే మొదలుపెట్టాలి. కళ్ళు మూయడం, మొహం తిప్పడం మళ్ళీ కనిపిస్తే ఒక వారం సంచికి వెళ్ళండి. మొదట చెప్పిన పాప సంచితో ఐదడుగుల దాకా వచ్చింది, బంతి చూడగానే మళ్ళీ కళ్ళు మూసుకుంది. అప్పుడు బంతిని ఒకసారి నేలకు తగిలించి విసరమని జతలోని అబ్బాయికి చెప్పాను. నేలను తాకాక బంతి నెమ్మదిస్తుంది. నాలుగో పీరియడ్‌కు ఆ పాప రెండు అరచేతులూ బంతిని తీసుకుంటూ కడుపు వైపు వెనక్కి జరగడం చూశాను.

మూడో తరగతి నుంచి ప్లాస్టిక్ నూనె డబ్బాలను ఏటవాలుగా కోసి, పిడి ఉన్న గరిటెల్లా చేసి, వాటితో బంతి పట్టించవచ్చు. కోసిన అంచుకు చీల్చిన సైకిల్ ట్యూబును తొడిగి అతికించండి. ఫినాయిల్, యాసిడ్, పురుగుమందు ఉన్న డబ్బాలు ఎంత కడిగినా వాడకండి.

అన్నింటినీ గోనెసంచిలో వేసి గోడ మేకుకు తగిలించాం, నేల మీద ఉంచితే తడి పీలుస్తాయి. శుక్రవారం ఆఖరి పది నిమిషాలు పిల్లలు సంచులను విదిలించి చూస్తారు, గింజ రాలిన సంచిని నా బల్ల మీద పెడతారు. సోమవారానికి అది కుట్టి ఉండాలి. లేకపోతే అలాంటివి పోగుపడి, ఒక జత ఖాళీ చేతులతో నిలబడుతుంది.