వాటా ధనాన్నీ డిపాజిట్‌నూ విడదీసి అడిగాక కదలిక వచ్చింది

సహకార సంఘం సభ్యత్వానికి రాజీనామా ఇచ్చాక, నా వాటా ధనం, డిపాజిట్ తిరిగి ఇవ్వమని ఎప్పుడు అడిగినా "కమిటీ ఆమోదించాలి" అనేవారు. ఆ మాట వాటా ధనానికి సరే. డిపాజిట్ మాత్రం సంఘం మనకు బాకీపడ్డ సొమ్ము. గడువు తీరితే ఇవ్వాల్సిందే.

అందుకే ఉత్తరంలో రెండింటినీ వేరు చేశాను. ముందు డిపాజిట్ రసీదు నంబరు, గడువు తేదీ రాసి, వడ్డీతో సహా చెల్లించమన్నాను. తర్వాత షేర్ సర్టిఫికెట్ నంబరు, రాజీనామా తేదీ రాసి, కమిటీ తీర్మానం నకలు అడిగాను. వాటా ఆపితే బైలాలోని ఏ నిబంధన కింద ఆపుతున్నారో రాసివ్వమన్నాను. జిరాక్సులే జతచేసి, నా కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను.

డిపాజిట్ వచ్చేసింది. వాటాకు అడ్డు ఏమిటో జవాబులో తెలిసింది: మరో సభ్యుడి అప్పుకు నా జామీను. ఆయన వేరే జామీనుదారుణ్ణి పెట్టాక, నన్ను తప్పించినట్టు రాయించుకున్నాను. అప్పుడు వాటా ధనమూ ఇచ్చారు.