దంపతుల టారో స్ప్రెడ్‌లో రథం కార్డు: ఒకరు ఊరు మారదామంటే, ఒకరు వద్దంటుంటే ఎలా చదవాలి?

భార్యకు బెంగళూరులో ప్రమోషన్ వచ్చింది. భర్తకు రాజమండ్రిలో సొంత డెంటల్ క్లినిక్ ఉంది. ఆఫర్‌కు ఇరవై రోజుల్లో జవాబు చెప్పాలి. ఇద్దరూ నా ముందు కూర్చుని కార్డులు కలిపారు. మొదట తీసిన కార్డు రథం. "చూశారా, వెళ్ళమనే చెబుతోంది" అంది ఆమె. అతను ఆ కార్డు వైపు మళ్ళీ చూడలేదు.

ఈ ప్రశ్నకు రథం పడితే చాలామంది చేసే పొరపాటు ఇదే. రథం అంటే ప్రయాణం, రథం అంటే విజయం అని ఎక్కడో చదివి ఉంటాం. వెళ్ళాలనుకునేవాళ్ళు దాన్ని తమ గెలుపుగా తీసుకుంటారు, ఉండిపోవాలనుకునేవాళ్ళు ఆ క్షణమే రీడింగ్‌లోంచి మనసు తీసేస్తారు. కాబట్టి మిగతా కార్డులు తియ్యకముందే ఈ ఒక్క కార్డును ఇద్దరూ కలిసి సరిగ్గా చూడాలి.

ముందు బొమ్మను చూడండి

మన దగ్గర ఎక్కువగా దొరికేది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్. బొమ్మలు గీసింది పమేలా కోల్మన్ స్మిత్. అందులో రథం ఏడో నంబరు కార్డు. కార్డును ఇద్దరి మధ్య పెట్టి, అర్థం చెప్పకుండా, ఏం కనిపిస్తోందో ఒక్కొక్కరినీ చెప్పమనండి.

కవచం తొడుక్కున్న ఒక యువకుడు, తల మీద నక్షత్రాల పందిరి, వెనక కోటగోడలున్న ఊరు. రథం ముందు నల్లటి సింహిక ఒకటి, తెల్లటి సింహిక ఒకటి. సింహిక అంటే స్ఫింక్స్, మనిషి ముఖం, సింహం ఒళ్ళు ఉన్న ఈజిప్టు ప్రాణి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆ రెండూ పరిగెత్తడం లేదు, నేల మీద చతికిలబడి ఉన్నాయి. సారథి చేతిలో దండం ఉంది కానీ పగ్గాలు లేవు.

కఠోపనిషత్తులోని రథం పోలిక తెలిసినవాళ్ళకు ఈ తేడా వెంటనే తడుతుంది. అక్కడ శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. పగ్గం గట్టిగా పట్టుకోవడమే అక్కడ చెప్పే విద్య. టారో రథంలో పట్టుకోవడానికి పగ్గమే లేదు. లాగి, అదిలించి నడిపే వీలు లేదు. ఆ రెంటికీ ఎటు వెళ్ళాలో తెలిసి, వెళ్ళడానికి ఒప్పుకుంటేనే బండి కదులుతుంది.

పాత మార్సెయ్ డెక్కుల్లో సింహికల చోట రెండు గుర్రాలుంటాయి. వాటి ఒళ్ళు చెరో పక్కకూ తిరిగి ఉంటాయి. ఎద్దు ఎండకు, దున్న నీడకు అని మనం అనే మాటకు అది అచ్చంగా బొమ్మ. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రెంచ్ గూఢవిద్యా రచయిత ఎలిఫాస్ లెవీ గుర్రాలను సింహికలుగా మార్చి చూపాడు, తర్వాతి డెక్కులు ఆ దారిన వెళ్ళాయి. గ్రీకు కథల్లో సింహిక అంటే పొడుపుకథ అడిగే ప్రాణి. నా దృష్టిలో ఈ మార్పు దంపతుల రీడింగ్‌కు చాలా మేలు చేసింది. గుర్రాన్ని అదిలించవచ్చు. సింహిక అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాల్సిందే.

ఇంకో సంగతి. గోల్డెన్ డాన్ అనే ఇంగ్లండు గూఢవిద్యా సంఘం సంప్రదాయంలో ఈ కార్డుకు ఇచ్చిన రాశి కర్కాటకం. ఎండ్రకాయకు ఒంటి మీది డొల్లే ఇల్లు. అందుకే రథం పడినంత మాత్రాన ఇల్లు వదిలి వెళ్ళడం అని చదవకూడదు. ఇంట్లోంచి ఏది వెంట తీసుకెళ్ళగలం, ఏది తీసుకెళ్ళలేం అన్నది కూడా ఈ కార్డులో ఉన్న ప్రశ్నే. నేనిది చెప్పాక ఆ భర్త కార్డును మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ప్రశ్నను విడివిడిగా రాయించండి

ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఒక్క వాక్యంలో తమ ప్రశ్న రాయమనండి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఆమె "బెంగళూరు వెళితే మా సంసారం బాగుంటుందా?" అని రాసింది. అతను "ఆమె వెళ్ళకుండా ఉండే దారి ఉందా?" అని రాశాడు. రెండూ అవును, కాదు అనే జవాబు కోరే ప్రశ్నలే, రెంట్లోనూ ఎదుటి మనిషి కదలాలి. వీటి బదులు "ఈ విషయంలో మన ఇద్దరినీ చెరోవైపు లాగుతున్నది ఏమిటి, ముందుగా ఏ అడుగు వెయ్యగలం?" అన్నదాని మీద కార్డులు కలపాలి. రాసిన కాగితాలు మడిచి పక్కన ఉంచండి, చివర్లో పనికొస్తాయి.

రథం చుట్టూ ఐదు కార్డులు

రథం తనంతట తాను పడకపోతే డెక్‌లోంచి వెతికి తీసి మధ్యలో పెట్టినా తప్పు లేదు. దాని కింద కుడిఎడమల్లో రెండు సింహికల చోట్లు. పైన పందిరి చోటు, అంటే ఇద్దరి మీదా పరుచుకుని ఉన్న విషయం. అడుగున చక్రాల చోటు, అంటే ఎక్కడ ఇరుక్కున్నారో అది. ఆ నాలుగూ అయ్యాక ఎదురుగా ఒకటి, అది మొదటి అడుగు.

నల్లది ఎవరు, తెల్లది ఎవరు అన్నది మీరు నిర్ణయించకండి, వాళ్ళనే ఎంచుకోనివ్వండి. "వద్దు" అంటున్న మనిషికి నల్లది ఇచ్చేస్తే రీడింగ్ అక్కడే తీర్పు అయిపోతుంది. ఈ జంటలో ఆమె తనంతట తానే నల్లది కావాలంది. "ఈ నెల రోజులుగా ఇంట్లో అందరి దృష్టిలో నేనే చెడ్డదాన్ని" అంది. రీడింగ్‌లో మొదటి నిజమైన మాట అదే.

సింహికల కార్డులు ఎవరివి వాళ్ళే తియ్యాలి. చదవడం మాత్రం ఎదుటివాళ్ళు ముందు చదవాలి, తర్వాత కార్డు తీసినవాళ్ళు సరిదిద్దాలి. ఈ పద్ధతిలో అన్నిటికన్నా పని చేసే భాగం ఇదే, తొందరపడకండి.

అతనికి ఫోర్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. ఒక మనిషి ఒక నాణేన్ని గుండెకు హత్తుకుని, ఒకటి తల మీద పెట్టుకుని, రెండిటిని కాళ్ళ కింద తొక్కిపట్టి కూర్చుంటాడు. ఆమె వెంటనే, "ఇంకేముంది, క్లినిక్‌ను పట్టుకుని వేలాడుతున్నారు, ఎవరికీ వదలరు" అంది. అతను కాసేపు ఆగి, కాళ్ళ కింద ఉన్న నాణేలు చూపించాడు. "ఇవి కదలనివ్వడం లేదు. కుర్చీకీ ఎక్స్‌రే మెషీన్‌కీ తీసుకున్న లోన్ ఇంకా పద్నాలుగు నెలలుంది. నీకు చెప్తే టెన్షన్ పడతావని చెప్పలేదు" అన్నాడు.

ఆమెకు ఎయిట్ ఆఫ్ కప్స్ వచ్చింది. ఒకరు ఎనిమిది కప్పులకు వీపు చూపించి, చంద్రుడి కింద కొండల వైపు నడిచిపోతుంటారు. "నన్ను వదిలి వెళ్ళిపోవడం" అన్నాడు అతను, చాలా మెల్లగా. ఆమె తల అడ్డంగా ఊపింది. "కప్పులు ఒలికిపోలేదు, చూడండి. పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పై వరసలో ఒకటి తక్కువ, అంతే. పదకొండేళ్ళుగా ఇక్కడ నుంచే పని చేస్తున్నాను. ఆ ఒక్కటి కోసమే వెళ్తానంటున్నాను" అంది.

ఇక్కడ కార్డులు చదివేవాళ్ళు నోరు మెదపకూడదు. ఆమె మొదటి మాట, అతని మొదటి మాట రెండూ పుస్తకం అర్థాలకు దగ్గరగానే ఉన్నాయి. కానీ ఉపయోగపడింది సరిదిద్దిన మాట.

పందిరి చోటున టెన్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. కుక్కలతో కూర్చున్న ముసలాయన, ఒక జంట, ఒక పిల్లవాడు ఉన్న కార్డు అది. అతని తండ్రి వాళ్ళతోనే ఉంటారు. ఈ కార్డు మీద చర్చ పెద్దగా అక్కర్లేకపోయింది, ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

చక్రాల చోటున టూ ఆఫ్ స్వోర్డ్స్. కళ్ళకు గంతలు కట్టుకుని, రెండు కత్తులు అడ్డంగా పట్టుకున్న స్త్రీ. ఈ చోట కత్తుల కార్డు వస్తే గొడవ అనుకోకండి. గంతలు ఎవరో కట్టినవిలా లేవు, కత్తులు తన చేతుల్లోనే ఉన్నాయి. చూడకుండా ఉన్నదేమిటి అని అడగాలి. అడిగితే తేలినవి రెండు లెక్కలు: లోన్ ఎంత మిగిలిందో ఆమెకు తెలియదు, కొన్నాళ్ళు రాజమండ్రి నుంచి పని చెయ్యనిస్తారా అని ఆమె కంపెనీని అడగనే లేదు.

ఎదురుగా నైట్ ఆఫ్ పెంటకిల్స్ వచ్చింది. నలుగురు నైట్‌లలో కదలకుండా నిలబడిన గుర్రం ఇతనొక్కడిదే. రథం పక్కన ఈ కార్డు పడితే నేను దాన్ని చిన్న గడువుతో, లెక్కతో వేసే అడుగుగా చదువుతాను. పూర్తిగా మారిపోవడం కాదు, అలాగని ఆగిపోవడమూ కాదు.

తలకిందులుగా పడితే

రివర్స్‌లో పడిన రథాన్ని "ప్రయాణం రద్దు" అని చెప్పకండి. బొమ్మను తిప్పి చూస్తే సారథి కింద ఉంటాడు, సింహికలు పైన ఉంటాయి. ఇద్దరి పట్టుదల ఇద్దరూ కలిసి అనుకున్నదాన్ని మించిపోయిందని నేను చదువుతాను. అలాంటప్పుడు ఎదురు కార్డు తియ్యకుండా, నాలుగు కార్డులతోనే మాట్లాడి లేవడం మంచిది.

ఎక్కడ చెడుతుంది

రీడింగ్ దారి తప్పిందని తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటుంది. ఇద్దరిలో ఒకరు తామే సారథి అన్నట్టు మాట్లాడతారు. "మనం వెళ్దాం అనుకుంటున్నాం" అంటారు, పక్కవాళ్ళు నేల చూస్తుంటారు. అప్పుడు కార్డులు ఆపి, ఆ మాటను "నేను" అని మార్చి మళ్ళీ చెప్పమనాలి. ఈ స్ప్రెడ్‌లో భార్యాభర్తలిద్దరూ సింహికలే. సారథి చోటు ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయానిది, అది ఇంకా తీసుకోలేదు కాబట్టే ఇక్కడికి వచ్చారు.

రెండో కీడు, నచ్చని కార్డు వస్తే మళ్ళీ కలపడం. పరిస్థితిలో ఏదైనా మారేదాకా, అంటే కొత్త జవాబో కొత్త లెక్కో చేతికి వచ్చేదాకా, అదే ప్రశ్న మీద ఇంకో స్ప్రెడ్ వెయ్యకండి. ఇక ఒకరి జీతం కార్డో పాస్‌పోర్టో ఇంకొకరు దాచిపెట్టారని తెలిస్తే, ఒకరు భయపడి తల ఊపుతున్నారని అనిపిస్తే, దంపతుల రీడింగే చెయ్యకూడదు. ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడి, అండగా నిలిచేవాళ్ళ దగ్గరికి పంపాలి.

బెంగళూరులో ఆ ఉద్యోగం నిలుస్తుందా, క్లినిక్‌కు పేషెంట్లు తగ్గుతారా అన్నది కార్డులు చెప్పవు. అవి అడగాల్సింది మేనేజర్‌ని, బ్యాంకును.

కాగితం మీదికి తెండి

చివర్లో మొదట మడిచిన కాగితాలు విప్పించి, వాటి వెనకే చెరో వాక్యం రాయమనండి: ఈ వారంలో నేను చేసే పని, దాని తేదీ. ఎదుటివాళ్ళు చెయ్యాల్సిన పని రాయకూడదు. ఆమె, మొదటి మూడు నెలల్లో నెలకు ఎన్ని రోజులు ఇంటి నుంచి పని చెయ్యవచ్చో సోమవారం అడుగుతానని రాసింది. అతను లోన్ స్టేట్‌మెంట్ తెచ్చి ఆమెకు ఇస్తానని, ఆదివారం నాన్నతో మాట్లాడతానని రాశాడు. రాశాక పెన్ను కింద పెట్టబోయి, "నాన్నతో" అన్న మాట పక్కన "ఇద్దరం" అని చేర్చి, ఆమె వైపు చూశాడు. ఆమె సరేనంది.