వార్తా వెబ్‌సైట్ ఫొటో భాండాగారంలో ఫైలుకు పేరు, క్యాప్షన్ ఎలా పెట్టాలి?

కొత్త తుపాను వార్త ఒకటి రాత్రి పదకొండు గంటలకు ప్రచురించాల్సి వచ్చినప్పుడు, అప్పట్లో నేను పనిచేసిన డెస్కులో ఒకరు `cyclone-vizag-final2.jpg` అనే ఫైలును తీసి పెట్టారు. విరిగిన చెట్లు, ఒరిగిన కరెంటు స్తంభాలు ఉన్న ఆ ఫొటో 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ది. ఫైలు పేరులో సంవత్సరం లేదు, క్యాప్షన్‌లో 'ఆదివారం' అని తప్ప తేదీ లేదు. పాఠకులు అరగంటలో పట్టేశారు. అందుకే ఈ పద్ధతిని తేదీతోనే మొదలుపెడుతున్నాను.

ఉదాహరణకు ఒక్క ఫొటోను తీసుకుందాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, సముద్రంలో మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. అది ముగిసిన అర్ధరాత్రి దాటాక, 2024 జూన్ 15న 12.40 గంటలకు, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు బయలుదేరుతుండగా మన ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో `DSC_0417.JPG` అనే పేరుతో డెస్కుకు వచ్చిందనుకుందాం.

మొదటి మెట్టు: తేదీ తేల్చుకోవడం. విలేకరి 'జూన్ 14 రాత్రి' అంటారు, కెమెరా జూన్ 15 అంటుంది. మాట్లాడుకునేటప్పుడు తెల్లవారేదాకా అది నిన్నటి రాత్రే కావచ్చు గానీ, ఫైలు పేరులో గడియారం చెప్పిన తేదీనే పెట్టాలి. ఫొటో అప్‌లోడ్ చేసిన రోజు, వార్త ప్రచురించిన రోజు ఇక్కడ పనికిరావు. కెమెరా గడియారం తప్పుగా ఉంటే ఇదంతా వృథా కనుక, ఫొటోగ్రాఫర్లు వారానికి ఒకసారి ఫోన్ గడియారంతో దానిని సరిచూసుకోవాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో ఎనిమిది అంకెలుగా రాస్తే, పేర్ల ప్రకారం పేర్చినప్పుడు ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలోకి వస్తాయి. `15062024` అని రాస్తే ప్రతి నెలా 15వ తేదీ ఫొటోలన్నీ ఒకచోట కుప్పపడతాయి.

రెండో మెట్టు: పేరు కట్టడం. తేదీ, ఊరు, స్థలం, విషయం, ఫొటోగ్రాఫర్ కోడ్, కెమెరా ఇచ్చిన సంఖ్య అనే వరుసను ఎన్నడూ మార్చకూడదు.

```
20240615-visakhapatnam-fishing-harbour-boats-leaving-p07-0417.jpg
```

అన్నీ చిన్న అక్షరాలే, పదాల మధ్య అడ్డగీతే. గూగుల్ అడ్డగీతను పదాల మధ్య ఎడంగా చదువుతుంది. పెద్ద, చిన్న అక్షరాలు కలిస్తే విండోస్ కంప్యూటర్‌లో తేడా తెలియదు గానీ, లైనక్స్ సర్వర్‌కు `Harbour.jpg`, `harbour.jpg` రెండు వేర్వేరు ఫైళ్లు. దీనివల్ల డెస్కులో కనిపించిన బొమ్మ సైట్‌లో కనిపించకుండా పోతుంది. చివరి `0417` కెమెరా సంఖ్య. దానిని ఉంచుకుంటే అసలు ఫైలును కార్డులో వెతకడం సులువు. అయితే కెమెరా 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తుంది కనుక ఆ సంఖ్య ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

తెలుగు వార్తకు తెలుగులోనే పేరు పెడితే ఏమన్న ప్రశ్న సహజమే, నాకూ అదే ఇష్టం. కానీ వెబ్ చిరునామాలో ప్రతి తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లుగా, ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది. 'విశాఖ' అన్న చిన్న మాటలో గుడి, దీర్ఘం కలిపి ఐదు సంకేతాలున్నాయి, అంటే చిరునామాలో 45 గుర్తులు. తెలుగును క్యాప్షన్‌కు దాచుకుని, ఫైలు పేరును ఇంగ్లిష్ అక్షరాలకు వదిలేయడమే క్షేమం.

అసలు చిక్కు ఊరి పేర్లలో ఉంది. ఒకరు `vizag`, ఇంకొకరు `visakha`, మరొకరు రైల్వే కోడ్ `vskp` అని పెడితే, ఏ ఒక్క మాటతో వెతికినా మూడో వంతు ఫొటోలే దొరుకుతాయి. భీమిలి, ఋషికొండల సంగతీ అంతే. ఒక షీటులో ప్రతి స్థలానికి ఒకే వర్ణక్రమం రాసిపెట్టి, కొత్త పేరు చేర్చే అధికారాన్ని ఒక్కరికే ఇవ్వాలి. వాడుకలో ఉన్న మిగతా పేర్లను ఫైలు పేరులో కాక కీవర్డ్ గడిలో నింపాలి.

మూడో మెట్టు: క్యాప్షన్ రాయడం. డెస్కుకు మొదట వచ్చే క్యాప్షన్ సాధారణంగా ఇలా ఉంటుంది: 'గంగమ్మ ఒడిలోకి గంగపుత్రులు!' శీర్షికకు బాగుంటుంది గానీ, పదేళ్ల తర్వాత ఈ ఫొటో ఏమిటో అది చెప్పదు. దానిని ఇలా మార్చాలి:

'విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు బయలుదేరుతున్న మరబోటుపై తాళ్లు విప్పుతున్న మత్స్యకారులు. 2024 జూన్ 15, అర్ధరాత్రి దాటాక తీసిన చిత్రం. తూర్పు తీరంలో ఏటా 61 రోజులు ఉండే మరబోట్ల వేట నిషేధం జూన్ 14తో ముగిసింది.'

మొదటి వాక్యం ఫొటోలో కంటికి కనిపించేదాన్ని మాత్రమే చెప్పి, తెలుగు పత్రికల అలవాటు ప్రకారం నామవాచకంతో ముగుస్తుంది. రెండోది తేదీ, మూడోది నేపథ్యం. మత్స్యకారులు 'ఆనందంగా' ఉన్నారని రాయాలంటే ఎవరైనా వారిని అడిగి ఉండాలి. వ్యక్తులను గుర్తించేటప్పుడు 'ఎడమ నుంచి' అన్న మాట చూసేవారి ఎడమకే వర్తిస్తుంది. ఫొటోలో ఐదుగురుండి ముగ్గురి పేర్లే తెలిస్తే, ఆ ముగ్గురు ఎక్కడున్నారో విడిగా చెప్పాలి.

నాలుగో మెట్టు: క్యాప్షన్‌ను ఫైలులోనే నింపడం. సైట్ డేటాబేస్‌లో మాత్రమే ఉన్న క్యాప్షన్ సైట్ మారినప్పుడు పోతుంది. అందుకే ఫొటో ఫైలు లోపలే వివరాలు దాచుకునే ఐపీటీసీ గడుల్లో వివరణ, ఫొటోగ్రాఫర్ పేరు, ఊరు నింపాలి. ఇక్కడ తెలుగువారికి రెండు గుంతలున్నాయి. పేజీలు దిద్దే అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన క్యాప్షన్‌ను అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, కాబట్టి ముందు యూనికోడ్‌కు మార్చాలి. ఐపీటీసీ పాత రూపంలో వివరణ గడికి 2000 బైట్ల హద్దు ఉంది, అంటే తెలుగులో సుమారు 660 సంకేతాలే. ఎక్స్‌ఎంపీ అనే కొత్త రూపంలో రాస్తే ఈ ఇబ్బంది లేదు. పని పూర్తయ్యాక, ఫైలు లోపలి వివరాలు చూపే `exiftool` అనే ప్రోగ్రాంతో ఇలా సరిచూడాలి:

```
exiftool -XMP-dc:Description -XMP-dc:Creator -DateTimeOriginal 20240615-visakhapatnam-fishing-harbour-boats-leaving-p07-0417.jpg
```

తెలుగు ఉండాల్సినచోట వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఎక్కడో యూనికోడ్ తప్పిందని అర్థం. మూడు వరుసల్లో తేదీ వరుసే రాకపోతే, ఫొటో వాట్సాప్‌లో మామూలు చిత్రంగా వచ్చి ఉండవచ్చు. అలా పంపితే లోపలి వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. అలాంటి ఫొటోకు తేదీని ఊహించి పెట్టకుండా, తీసినవారిని ఫోన్ చేసి అడిగిన తర్వాతే భాండాగారంలో చేర్చాలి.

పాత ఫొటో మళ్లీ వాడేటప్పుడు 'ఫైల్ ఫొటో' అన్న రెండు మాటలు చాలవు. 'పాత చిత్రం: హుద్‌హుద్ తుపాను, 2014 అక్టోబర్' అని సందర్భం, నెల, సంవత్సరం చెప్పాలి. ఇది పేజీలో కనిపించే క్యాప్షన్‌కు చేర్చే మాటే తప్ప, ఫైలులో ఉన్న అసలు క్యాప్షన్‌ను దీనికోసం దిద్దకూడదు.

ప్రచురించిన తర్వాత తప్పు బయటపడితే క్యాప్షన్‌ను సైట్‌లోనూ, ఫైలులోనూ సరిచేయాలి, ఫైలు పేరును మాత్రం కదపకూడదు. పేరు మారితే ఆ బొమ్మను పిలుస్తున్న పాత వార్తలన్నింటిలో ఖాళీ గడి మిగులుతుంది. పేరులోని తేదీయే తప్పైతే, సరైన పేరుతో కొత్త కాపీ చేర్చి, పాతదానిని ఉన్నచోటే ఉంచి, దాని కీవర్డ్ గడిలో `do-not-reuse` అని గుర్తు పెడతాం.