బీచ్ ఫొటోలో అబ్బాయి అతికించినట్టు ఉన్నాడా? ముందు అక్కడి ఎండని చదవండి

సంక్రాంతి రోజుల్లో విశాఖ ఆర్కే బీచ్‌లో తీసుకున్న ఒక కుటుంబం ఫొటో మా స్టూడియోకి వచ్చింది. సాయంత్రం నాలుగు గంటల ఎండ. ఇసుకలో అమ్మ, నాన్న, కూతురు, అల్లుడు, వెనక సముద్రం. డల్లాస్‌లో ఉన్న కొడుకుని నాన్న పక్కన నిలబెట్టాలి. అబ్బాయి తన ఫ్లాట్ హాల్లో తీయించుకున్న ఫొటో పంపాడు. ఆ ఫొటోలోంచి అబ్బాయి బొమ్మ కటింగ్ శుభ్రంగా వచ్చింది, జుట్టు అంచులు కూడా చెడలేదు, సైజు సరిపోయింది. అయినా వాళ్లమ్మగారు స్క్రీన్ చూడగానే, "మావాడే గానీ, మా పక్కన లేడు బాబూ" అన్నారు.

ఆవిడ మాట నిజం. తప్పు కటింగ్‌లో లేదు, వెలుగులో ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ముందు రంగులు సరిచేయడం మొదలుపెడతారు. నేను రంగుని ఆఖరున పట్టుకుంటాను. వెలుగు ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత గట్టిగా పడింది అన్నవి ఫొటో తీసిన క్షణంలోనే ముఖం మీద ముద్ర పడిపోతాయి. కంప్యూటర్‌లో నిజంగా మన చేతిలో ఉండేది రంగు ఒక్కటే.

సమస్య 1: మనిషి ఆ చోటులో నిలబడినట్టు లేడు

ఎలా తెలుస్తుంది: నాన్నగారి ముఖంలో మనకి కుడి వైపు కనిపించే చెంప ఎండలో మెరుస్తోంది, ఎడమ చెంప నీడలో ఉంది. ముక్కు నీడ పక్కకి పోయి ఆ చెంప నీడలో కలిసిపోయింది. అబ్బాయి ముఖంలో రెండు చెంపలూ ఒకేలా ఉన్నాయి, ముక్కు నీడ నేరుగా పై పెదవి మీదకి దిగింది, కళ్ల గుంతలు నల్లగా ఉన్నాయి.

కారణం: అబ్బాయి మీద వెలుగు హాలు సీలింగ్ లైటు నుంచి, అంటే నడినెత్తి మీద నుంచి పడింది. బీచ్‌లో ఎండ పక్క నుంచి వాలుగా వస్తోంది.

ఎంత పక్క నుంచో, ఎంత వాలుగానో ఇసుక మీద నీడలే చెబుతాయి. నాన్నగారి పాదాల నుంచి నీడలో తల చివర వరకు ఒక గీత గీశాను. అది ఎడమకి పోతూ కొంచెం సముద్రం వైపు జరిగింది. అంటే సూర్యుడు కెమెరాకి కుడి చేతి వైపు, కాస్త వెనక్కి ఉన్నాడు. దీన్ని దిక్కులతో కూడా సరిచూసుకోవచ్చు. ఆర్కే బీచ్ దగ్గర సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది, కాబట్టి సముద్రాన్ని చూస్తున్న కెమెరాకి కుడి చేయి నైరుతి. జనవరి సాయంత్రం సూర్యుడు ఉండేది నైరుతికి కాస్త పడమటగా. రెండు లెక్కలూ కలిశాయి. (ఈ బీచ్ ఫొటోల్లో సముద్రం మీద సూర్యాస్తమయం ఆకాశం పెట్టమని అడిగేవాళ్లు ఉంటారు. అక్కడ సముద్రం వైపు సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమించడు. ఊరి వాళ్లకి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.)

ఇక ఎత్తు. నీడ పొడవు మనిషి ఎత్తుకి సమానమైతే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు. రెట్టింపు ఉంటే సుమారు 27 డిగ్రీలు. ఇక్కడ నాన్నగారి నీడ ఆయన ఎత్తుకి రెండున్నర రెట్ల కంటే కొంచెం ఎక్కువ, అంటే దాదాపు 21 డిగ్రీలు. ఈ కొలత నమ్మదగింది ఎందుకంటే నీడ అడ్డంగా, పక్కకి పడింది. నీడ కెమెరా వైపుకో, కెమెరాకి దూరంగానో పడితే ఫొటోలో అది కుదించుకుపోయి కనిపిస్తుంది, దాన్ని స్కేలుతో కొలిచి లాభం లేదు. అప్పుడు ఫొటో తీసిన తేదీ, టైము చూసి సూర్యుడి ఎత్తు తెలుసుకోవాలి.

పరిష్కారం: ఈ ఫొటోని సరిచేయడం మానేసి, అబ్బాయిని కొత్త ఫొటో అడిగాను. స్టూడియో అక్కర్లేదు, ఎందుకంటే డల్లాస్‌లోనూ అదే సూర్యుడు. నేను పంపిన మెసేజ్ ఇది: "మబ్బు లేని రోజున ఇంటి ముందు సిమెంట్ దారి మీద నిలబడు. నీ నీడ నీ ఎత్తుకి రెండున్నర రెట్లు అయ్యే టైము చూసుకో, పొద్దున్నయినా సాయంత్రమైనా పర్లేదు. ఎండ నీ ఎడమ చేతి వైపు నుంచి, కాస్త ముందు నుంచి పడాలి. ఫోన్ నీ ఛాతీ ఎత్తులో, ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. పాదాలు, నీడ మొత్తం ఫొటోలో రావాలి." ఛాతీ ఎత్తు ఎందుకంటే, బీచ్ ఫొటోలో సముద్రం అంచు గీత వాళ్ల ఛాతీల దగ్గర ఉంది. నేల చదునుగా ఉన్నప్పుడు ఆ గీత ఎక్కడ తగిలితే కెమెరా అంత ఎత్తులో ఉన్నట్టే.

సిమెంట్ దారి అడగడానికీ కారణం ఉంది. పచ్చగడ్డి మీద నిలబడితే గడ్డి మీద నుంచి లేచిన పచ్చదనం గడ్డం కిందకి ఎక్కుతుంది. ఆరిన సిమెంట్ ఇసుకలాగే లేత రంగు, కిందనుంచి వచ్చే వెలుగు చాలావరకు సరిపోతుంది.

ఉన్న ఫొటోని అద్దంలోలా తిప్పేస్తే సరిపోదా అని అడుగుతారు. వెలుగు ఎత్తు సరిగ్గా ఉండి కుడి ఎడమలు మాత్రమే మారితే తిప్పవచ్చు. కానీ చొక్కా బొత్తాల పట్టీ, పాపిడి, చేతి గడియారం, టీషర్టు మీద అక్షరాలు అన్నీ తిరుగుతాయి. చీర కట్టుకున్నవాళ్లనైతే తిప్పవద్దు, ఎడమ భుజం మీది పమిట కుడి భుజానికి వచ్చేస్తుంది.

స్టూడియోలోనే తీయాల్సి వస్తే ఒక పొరపాటు జరుగుతుంది. లైటు ఎత్తు చూడటానికి నేల మీద సీసా నిలబెట్టి దాని నీడ కొలుస్తారు. సూర్యుడు చాలా దూరం కాబట్టి తలకీ పాదానికీ ఒకే కోణంలో ఎండ పడుతుంది. పది అడుగుల దూరంలో ఉన్న లైటు అలా కాదు. ముఖానికి 21 డిగ్రీల వాలులో ఉన్న లైటు, అదే మనిషి పాదాల దగ్గర 40 డిగ్రీలు దాటుతుంది. అందుకని ఎత్తు స్టూలు మీద అట్ట పెట్టి, ముఖం ఎత్తులో పెన్ను నిలబెట్టి దాని నీడ కొలవండి. పది అడుగుల దూరంలో లైటు ముఖం కంటే నాలుగు అడుగులు పైన ఉంటే సుమారుగా సరిపోతుంది. ఆ లైటు నేల మీద వేసిన నీడని మాత్రం వాడవద్దు, అది చాలా పొట్టిగా వస్తుంది.

సమస్య 2: దిక్కు సరిగ్గానే ఉంది, అయినా మనిషి మెత్తగా, పౌడర్ రాసినట్టు కనిపిస్తున్నాడు

కారణం: వెలుగు మెత్తదనం తేడా. వెలుగు వచ్చే చోటు మనిషికి ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంచు అంత మెత్తగా ఉంటుంది. సూర్యుడు మనకి అర డిగ్రీ వెడల్పులోనే కనిపిస్తాడు. లైటు ముందు తెల్ల గుడ్డ కప్పే సాఫ్ట్‌బాక్స్ రెండు అడుగులది ఐదు అడుగుల దూరంలో పెడితే 20 డిగ్రీలు దాటుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఆకాశమంతా ఒకటే లైటు.

ఫొటోలో దీన్ని చదవడానికి నీడ అంచు పెద్దది చేసి చూడండి. ఎండలో, నీడ వేసే వస్తువు నుంచి ప్రతి మీటరు దూరానికి అంచు సుమారు ఒక సెంటీమీటరు మసకబారుతుంది. చెప్పు అంచు నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. తల నీడ నాలుగు మీటర్లు దాటి పడింది కాబట్టి దాని పక్క అంచులు నాలుగు సెంటీమీటర్ల మేర కరిగి ఉంటాయి. పాదాల దగ్గరే మసకగా ఉంటే పల్చటి మబ్బు ఉందని అర్థం. నీడ అసలే లేకుండా చెప్పుల కింద మాత్రం సన్నటి నల్లగీత ఉంటే పూర్తిగా మబ్బు.

పరిష్కారం: మెత్తటి వెలుగులో తీసిన ముఖాన్ని కాంట్రాస్ట్ పెంచి ఎండ ముఖం చేయలేం. నల్లదనం పెరుగుతుంది గానీ ముక్కు పక్కన ఆ పదునైన గీత పుట్టదు. మళ్లీ తీయడమే దారి. స్టూడియోలో అయితే సాఫ్ట్‌బాక్స్ తీసేసి, చిన్న రిఫ్లెక్టర్‌తో లైటుని వీలైనంత దూరం జరపండి.

నేల మీద నీడ మనమే వేయాల్సి వస్తే, ముందు నుంచి కట్ చేసిన బొమ్మనే నల్లగా నింపి పక్కకి వాల్చేస్తుంటారు. పక్క వెలుగులో అది తప్పు. నీడ ఆకారం అంటే సూర్యుడికి కనిపించే ఆకారం. ఇక్కడ సూర్యుడు అబ్బాయిని పక్క నుంచి చూస్తున్నాడు కాబట్టి నీడలో ముక్కు, పొట్ట తెలియాలి, రెండు భుజాల వెడల్పు రాకూడదు. లైటు ఉన్న చోటు నుంచి ఫోన్‌తో ఇంకో ఫొటో తీసుకోండి, దాని ఆకారంతో నీడ వేయండి. డల్లాస్ ఫొటోలో అసలు నీడే ఉంది కాబట్టి దాన్ని మాస్క్‌గా వాడుకున్నాను. ఫొటోషాప్‌లో నలుపు పొర వేయకుండా Curves పొరతో ఇసుకనే చీకటి చేస్తే ఇసుక రేణువులు కనిపిస్తూ ఉంటాయి. ఎంత చీకటి చేయాలో పక్కనే ఉన్న నాన్నగారి నీడ చూసి సరిపెట్టాలి.

సమస్య 3: అంతా కుదిరింది, రంగు మాత్రం వేరేగా ఉంది

కారణం: ఎండ పొద్దున అంత పసుపు, వెలుగు రంగు కొలతలో ఇంత కెల్విన్ అని పుస్తకం లెక్కతో Temperature స్లైడర్ జరుపుతారు. ఫోన్ కెమెరా ఆ పసుపుని ఎంత తగ్గించిందో మనకి తెలియదు. అందుకని అసలు కెల్విన్ వదిలేసి, ఫొటోలో మిగిలిన రంగునే చదవాలి. పైగా బయట ఒక్క రంగు ఉండదు. ఎండ పడ్డ చోట పసుపు, నీడలో నీలాకాశం వెలుగు. ఒకే స్లైడర్ రెండింటినీ ఒకే వైపు లాగుతుంది.

పరిష్కారం: Eyedropper ని 5 by 5 Average లో పెట్టి, Info ప్యానెల్ చూస్తూ, తెల్లటి లేదా బూడిద రంగు వస్తువు మీద రెండు చోట్ల కొలవండి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో. నాన్నగారి తెల్ల చొక్కా ఎండ భుజం మీద R 240, G 228, B 206 వచ్చింది. నీడ వైపు R 112, G 122, B 140. కొత్త ఫొటోలో అబ్బాయి తెల్ల చొక్కా ఎండలో 236, 235, 233, నీడలో 150, 148, 146. ఇక Curves లో ఒక్కో ఛానెల్‌కి రెండేసి చుక్కలు:

```
Red:   236 → 240   150 → 112
Green: 235 → 228   148 → 122
Blue:  233 → 206   146 → 140
```

దీంతో ఎండ వైపు వెచ్చగా, నీడ వైపు నీలంగా, రెండూ ఒకేసారి కుదురుతాయి. నీడ ఎంత లోతు ఉండాలో కూడా వచ్చేస్తుంది. అంకె సగమైతే వెలుగు సగమైనట్టు అనుకోకండి. 255లో సగం దగ్గర ఉన్న పిక్సెల్‌లో వెలుగు ఐదో వంతే. అబ్బాయి నీడ వైపు 150 అంటే మరీ ఎక్కువ వెలుగు, వాళ్లింటి తెల్ల గోడ పక్కనే నిలబడినట్టున్నాడు.

తెల్ల చొక్కాతో ఒక జాగ్రత్త ఉంది. నీలం మందు పెట్టి ఉతికిన బట్ట ఎండలోనూ నీలంగానే ఉంటుంది. ఒక్క చొక్కా మీద ఆధారపడకుండా నెరిసిన జుట్టు, స్టీలు గడియారం, చెప్పు తెల్ల అంచు కూడా చూడండి. ఈ ఫొటోలో నాన్నగారి జుట్టు ఎండలో కొలిచినా అదే పసుపు వచ్చింది కాబట్టి చొక్కాని నమ్మాను.

ఆఖరున Black & White పొర వేసి చూశాను. రంగు లేనప్పుడు మిగిలిన తప్పు ఒకటి బయటపడింది. అబ్బాయి గడ్డం కింద నీడ అక్కాబావల గడ్డాల కింది నీడ కంటే నల్లగా ఉంది. సిమెంట్ దారి కంటే ఇసుక ఎక్కువ వెలుగు పైకి పంపుతోందన్నమాట. ఆ చోట మాత్రం మాస్క్ వేసి Curves ని కాస్త ఎత్తాను, ఇసుక రంగు ఒక చుక్క కలిపాను. పొర తీసేసి, ఫొటోని వాట్సాప్‌లో కనిపించేంత చిన్నది చేసి, అమ్మగారికి అదే సైజులో పంపాను.