ముసురు పట్టకముందే అలమరలోని దగ్గు మందు సీసా తీసి చూడండి

అక్టోబరు వచ్చిందంటే మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానలు మొదలవుతాయి. అప్పటి నుంచి సంక్రాంతి దాకా ఇంటికొకరు దగ్గుతూనే ఉంటారు. నేను మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తాను. ఈ మూడు నెలల్లో నా కౌంటర్ దగ్గర ఎక్కువగా వినిపించే మాట, "అన్నా, పోయినేడు ఇచ్చిన దగ్గు టానిక్ బాగా పనిచేసింది, అదే ఇవ్వు." పోయినేటిది అడగటానికి వచ్చేవాళ్ళ గురించి నాకు అంత భయం లేదు. వాళ్ళకు చీటీ కావాలని చెప్పి వెనక్కి పంపగలను. షాపుకు రాకుండా ఇంట్లో మిగిలిన సీసా తీసి తాగేవాళ్ళ గురించే నా టెన్షన్.

పోయిన డిసెంబరులో కందుకూరు వైపు పల్లె నుంచి ఒకతను ఖాళీ సీసా పట్టుకొని వచ్చాడు. అందులో ఉన్నది కోడీన్ కలిసిన దగ్గు మందు. ముందు సంవత్సరం పొడి దగ్గుతో పక్కటెముకలు నొప్పి పుట్టి నిద్ర లేక అల్లాడుతుంటే డాక్టరు ఐదు రోజులకు అతనికే రాశారు. మూడు రోజులకే తగ్గింది. మిగిలింది అలమరలో పెట్టేశాడు. ఈసారి ముసురులో వాళ్ళ నాయనకు దగ్గు వచ్చింది. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. పొగాకు బ్యారన్ల దగ్గర చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి, బీడీ అలవాటూ ఉంది. ఊపిరితిత్తులు దెబ్బతిని సీఓపీడీ అని పేరు పెట్టారు, ఇన్‌హేలర్ వాడుతున్నారు. షుగరు వల్ల కాళ్ళు తిమ్మిర్లెక్కుతుంటే రాత్రిపూట ప్రీగాబాలిన్ బిళ్ళ కూడా వేసుకుంటారు.

రాత్రి తొమ్మిదింటికి ఆ సీసా ఇచ్చారు. మూతతో కొలవలేదు, పెద్దాయనే ఎత్తి రెండు గుక్కలు తాగారు. దగ్గు తగ్గలేదని పదకొండింటికి మళ్ళీ రెండు గుక్కలు. తెల్లవారుజామున నాలుగింటికి ఆయన భార్య లేచి చూస్తే గురక ఆగి ఆగి వస్తోంది, పెదవులు నల్లబడ్డాయి, ఎంత తట్టినా కళ్ళు తెరవలేదు. అదృష్టం కొద్దీ 108 వెంటనే వచ్చింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, కోడీన్ లాంటివాటికి విరుగుడైన నలోక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నారు. ఆ ఇంజెక్షన్ ప్రభావం గంట లోపే తగ్గిపోవచ్చు, లోపలి మందు మాత్రం ఇంకా ఉంటుంది. అందుకే తేరుకున్నాక కూడా పంపకుండా ఆ రోజంతా కనిపెట్టుకొని ఉన్నారు.

నాలుగు రోజుల తర్వాత కొడుకు నా దగ్గర సీసా పెట్టి అడిగిన మాట ఇది: "ఇది దగ్గు మందే గదన్నా, విషం కాదు గదా? నాకేం కాలేదే!"

సీసా మీద లెక్క అతనికి వేసి చూపించాను. ఆ రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాముల కోడీన్ ఉంటుంది. రెండు గుక్కలంటే తక్కువలో తక్కువ 30 మిల్లీలీటర్లు, అంటే 60 మిల్లీగ్రాములు. రెండుసార్లు తాగితే 120. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కూడా ఒక రోజు మొత్తానికి దాటకూడని హద్దు అది. ఆయన దాన్ని రెండు గంటల్లో, పాడైన ఊపిరితిత్తులతో, మత్తు తెప్పించే ఇంకో బిళ్ళ మీద తీసుకున్నారు.

"నాకేం కాలేదే" అన్నదానికి జవాబు ఇంకో చోట ఉంది. కోడీన్ నల్లమందు జాతి పదార్థం. దానంతట అది చేసేది తక్కువ. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మారుస్తుంది, పనంతా ఆ మార్ఫిన్‌దే. ఈ ఎంజైము అందరిలో ఒకేలా ఉండదు. పుట్టుకతోనే కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది, వాళ్ళకు మందు ఎక్కదు. కొందరిలో మరీ చురుగ్గా ఉంటుంది, కొలిచి ఇచ్చిన డోసు కూడా వాళ్ళ ఒంట్లో ఎక్కువ మార్ఫిన్ అయిపోతుంది. ఎవరు ఏ రకమో మొహం చూసి చెప్పలేం. తండ్రీ కొడుకులైనా తేడా ఉండొచ్చు. అందుకే ఒకరికి రాసిన సీసా ఇంకొకరికి పనికిరాదు.

ఆ మార్ఫిన్ మెదడులో దగ్గు పుట్టించే చోటుతో పాటు ఊపిరి నడిపించే చోటును కూడా నిదానపరుస్తుంది. సీఓపీడీ, ఉబ్బసం, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్ళకు ఇది ప్రమాదం. కఫం ఉన్నవాళ్ళకు ఇంకో నష్టం కూడా ఉంది. దగ్గు అణిగితే కఫం లోపలే నిలిచిపోతుంది. ఇంతా చేసి, మామూలు జలుబు దగ్గులోనూ సీఓపీడీ దగ్గులోనూ కోడీన్‌ను మందు లేని ఉత్త సిరప్‌తో పోల్చి పరీక్షించినప్పుడు చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు.

పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది అసలు ఇవ్వకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో ఇంకా ముందుకెళ్ళి, దగ్గు కోసమైతే పద్దెనిమిదేళ్ళ లోపు ఎవరికీ వద్దంది. పాలిచ్చే తల్లులూ తాగకూడదు. తల్లి ఒంట్లో తయారైన మార్ఫిన్ పాలలోకి దిగుతుంది, బిడ్డ పాలు తాగకుండా నిద్రలోనే ఉండిపోవచ్చు. "పసిబిడ్డ బాగా నిద్రపోతోంది" అని సంబరపడే తల్లి ముందు తను ఏ మందు వాడుతోందో చూసుకోవాలి. కనిగిరి వైపు నుంచి నా దగ్గరికి వచ్చే కిడ్నీ రోగులకు కూడా ఇదే చెబుతాను, దెబ్బతిన్న కిడ్నీలు మార్ఫిన్ అవశేషాలను బయటికి పంపలేవు. నిద్ర బిళ్ళలు, ఆందోళనకు వాడే ఆల్‌ప్రజోలామ్, నరాల తిమ్మిర్లకు వాడే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, వీటితో కలిపినా ముప్పే. మద్యంతో అసలే వద్దు. లారీ తోలేవాళ్ళు, రాత్రిపూట రొయ్యల చెరువుల కాపలా ఉండేవాళ్ళు కూడా దీని జోలికి పోకూడదు. గట్టు మీద ఒక్క తూలు చాలు.

ఇక దీన్ని మత్తుకు ఎందుకు వాడతారో తల్లిదండ్రులకు తెలియాలి. మద్యం తాగితే వాసన వస్తుంది, ఇంట్లో తెలిసిపోతుంది. దీనికి వాసన లేదు, సీసా దొరికినా "దగ్గు" అంటే సరిపోతుంది. మార్ఫిన్ ఇచ్చే హాయికి తోడు అందులో కలిపే జలుబు మందు మగతను పెంచుతుంది. కొన్నాళ్ళకు అదే కొలత చాలదు. అసలు ఉచ్చు మానేసినప్పుడు బయటపడుతుంది: ముక్కు కారడం, ఆవలింతలు, కళ్ళలో నీళ్ళు, ఒళ్ళునొప్పులు, కడుపులో మెలిపెట్టి విరేచనాలు. అచ్చం జలుబు తిరగబెట్టినట్టే ఉంటుంది. పాపం ఆ కుర్రవాడు కూడా నాకు నిజంగానే జలుబుంది అనుకొని మళ్ళీ సీసా ఎత్తుతాడు. నెలల తరబడి తగ్గని "జలుబు", తీవ్రమైన మలబద్ధకం, మధ్యాహ్నం కూడా మగత, మంచం కింద ఖాళీ సీసాలు కనబడితే తిట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. మత్తు వదిలించుకోవడానికి 14446 అనే ఉచిత నంబరు ఉంది. టెలీ మానస్ 14416కు చేసినా దారి చూపుతారు.

అందుకే 2014 మార్చి నుంచి కోడీన్ మందులు షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి, డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చామో రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. 2023 జూన్‌లో కేంద్రం నిషేధించిన 14 మిశ్రమ మందుల జాబితాలో కోడీన్, క్లోర్‌ఫెనిరమైన్ అనే జలుబు మందు కలిసిన సిరప్ కూడా ఉంది. కానీ మీ అలమరలో ఎప్పుడో కొన్న సీసాకు ఏ జాబితా సంగతీ తెలియదు. లేబుల్ మీద ఇంగ్లిష్‌లో సి-ఓ-డి-ఇ-ఐ-ఎన్-ఇ అని వెతకండి, ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉందేమో చూడండి. ఉంటే ఇంట్లో ఉంచకండి. షాపులో తీసుకుంటారేమో అడగండి. లేదంటే పాత కాఫీ పొడిలోనో మట్టిలోనో కలిపి, కవర్లో కట్టి చెత్తలో వేయండి, లేబుల్ చించేయండి.

మరి దగ్గుకు ఏం చేయాలి? జలుబుతో వచ్చే దగ్గు ఏ మందూ లేకపోయినా రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. ఈ లోపు ఉపశమనం కావాలి, అంతే. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా తేనె గొంతును పూతలా కప్పి పొడి దగ్గును నెమ్మదింపజేస్తుంది. ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాకించడానికి కూడా వద్దు, బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. షుగరు ఉన్నవాళ్ళు తేనె బదులు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి, ఊరే లాలాజలమే గొంతును తడిపి ఉంచుతుంది. వేడి మిరియాల చారు, గోరువెచ్చని ఉప్పునీళ్ళ పుక్కిలింత ఎవరికైనా మంచివే. తలకింద ఇంకో దిండు వేసుకోండి. ముసురు రోజుల్లో తలుపులన్నీ బిగించి దోమల కాయిల్ వెలిగించే అలవాటు మానండి, దగ్గుతున్న మనిషికి ఆ పొగ కంటే చెడ్డది లేదు, దోమతెర కట్టండి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె పిల్లల ముందు పెట్టవద్దు, కాలి వచ్చిన చిన్నబిడ్డలను చూశాను.

పెద్దవాళ్ళకు పొడి దగ్గు మరీ నిద్ర పోనివ్వకపోతే డాక్టరును అడిగి డెక్స్ట్రోమెథార్ఫాన్ వాడొచ్చు. ఇదీ హద్దు దాటితే మత్తే. డిప్రెషన్ మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే ఆ బిళ్ళ వల్లే పొడి దగ్గు వస్తుండొచ్చు. దానికి ఎన్ని సిరప్‌లు తాగినా తగ్గదు, మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుతో బిళ్ళ మార్పించుకోవాలి. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవాళ్ళు వానలకు ముందే ఒకసారి ఇన్‌హేలర్ పట్టే పద్ధతి సరిచూపించుకోండి. ఆ పెద్దాయన విషయంలో అసలు పొరపాటు ఇన్‌హేలర్ దగ్గరే జరిగింది, డబ్బా అయిపోయి వారమైంది, ఎవరూ గమనించలేదు. ఆ రాత్రి ఆయనకు కావలసింది కొత్త ఇన్‌హేలర్.

దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్షా మందులూ ఉచితమే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనుల్లో రాతి దుమ్ము పీల్చేవాళ్ళు ఆ పని సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కఫంలో రక్తం, ఆయాసం, సాయంత్రం జ్వరం ఉంటే రెండు వారాలు కూడా ఆగవద్దు. పిల్లలు డొక్కలు ఎగరేస్తుంటే, ఏడాది దాటిన బిడ్డ నిమిషానికి నలభై, ఏడాది లోపు బిడ్డ యాభై కంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే వెంటనే బయల్దేరండి.

దగ్గు మందు తాగి ఎవరైనా లేపినా లేవకపోతే కడుపు మీద చెయ్యి పెట్టి ఊపిరి లెక్కపెట్టండి. పెద్దవాళ్ళలో నిమిషానికి పది కంటే తక్కువ ఉన్నా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, కంటిపాప ఆవగింజంత చిన్నదైపోయినా 108కి చేయండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నిమ్మరసం, ఉప్పునీళ్ళు, కాఫీ ఏదీ నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ సీసా వెంట తీసుకెళ్ళండి.